అరచేతిలో ఒకే అడ్డగీత: జోస్యులు చదివేది, డాక్టర్లు చూసేది

పుట్టిన బిడ్డ అరచేతిలో అడ్డంగా రెండు గీతలు ఉండాల్సిన చోట ఒకటే కనిపిస్తే ఇంట్లో రెండు రకాల మాటలు మొదలవుతాయి. మొదటిది పెద్దవాళ్లది: "ఏకరేఖ పడింది, వీడు పట్టిందల్లా బంగారమే" అని కొందరంటారు, "మొండివాడవుతాడు, జాగ్రత్త" అని ఇంకొందరంటారు. రెండోది ఫోనులో వెతికి చూసిన వాళ్లు తెచ్చేది. వెతికిన రెండు నిమిషాల్లోనే తెర మీద, పుట్టుకతోనే వచ్చే జన్యు తేడా అయిన డౌన్ సిండ్రోమ్ అన్న మాట కనిపిస్తుంది. ఇక ఆ రాత్రి బాలింతకు నిద్ర ఉండదు. నా దృష్టిలో జాతకం మాట కన్నా ఈ రెండో మాటే ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి ఈ గీత ఉంటుందన్నది నిజమే. కానీ ఈ గీత ఉన్న పిల్లల్లో సగం మందికి డౌన్ సిండ్రోమ్ ఉంటుందని దానికి అర్థం కాదు. చాలామంది తడబడేది ఈ రెండు వాక్యాల మధ్యే.

ముందు చేతిని చూద్దాం. చాలామంది అరచేతుల్లో మూడు పెద్ద గీతలుంటాయి. ఒకటి బొటనవేలి కింది కండను చుట్టుకుని మణికట్టు వైపు దిగుతుంది. రెండోది చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య అంచు దగ్గర మొదలై కాస్త ఏటవాలుగా చిటికెన వేలి వైపు సాగి, అంచు చేరకముందే ఆగిపోతుంది. మూడోది దానికి ఎదురు దిశలో, చిటికెన వేలి కింది అంచున మొదలై చూపుడు వేలు, మధ్య వేలు కలిసే సందు వైపు వంగుతుంది. ఇప్పుడు మీ చేతిని మెల్లగా మూయండి. చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు ముడిచినప్పుడు చర్మం పై అడ్డగీత దగ్గర మడత పడుతుంది. చూపుడు వేలు ఒక్కదాన్నే ముడిస్తే మడత కింది అడ్డగీత మొదలయ్యే చోట పడుతుంది. మిగతా మూడు వేళ్లతో సంబంధం లేకుండా చూపుడు వేలు విడిగా పనిచేస్తుంది కనుక మనకు అడ్డంగా రెండు మడతలు కావాల్సి వచ్చాయి. ఈ రెండూ కలిసిపోయి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే గీత సాగితే అదే ఏకరేఖ. ఇంగ్లిషు వైద్య గ్రంథాల్లో దాన్ని చాలాకాలం సిమియన్ గీత అన్నారు.

అయితే చేతులన్నీ ఇంత తేటగా రెండు రకాలుగా విడిపోవు. కొందరికి రెండు గీతలూ విడివిడిగానే ఉండి, మధ్యలో ఒక చిన్న అడ్డుగీత వాటిని కలుపుతుంది. కొందరికి కింది గీత ఆగాల్సిన చోట ఆగకుండా చిటికెన వేలి వైపు అంచు దాకా సాగిపోతుంది, పై గీత మాత్రం ఎప్పటిలాగే విడిగా ఉంటుంది. దీనికి సిడ్నీ గీత అని పేరు. తల్లి గర్భంలో ఉండగా రుబెల్లా సోకిన వారి చేతుల్లో ఈ ఆకారం ఎక్కువగా కనిపిస్తోందని 1968లో సిడ్నీ వైద్యులు రాసినప్పటి నుంచి ఆ పేరు నిలిచింది. కలిపే అడ్డుగీత ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అనే దాని మీద పరిశోధకుల మధ్యే తేడాలున్నాయి. అందుకే ఈ గీత ఎంతమందికి ఉంటుందని అడిగితే ఒక్కో చోట ఒక్కో అంకె కనిపిస్తుంది: 100 మందిలో ఒకరిద్దరని కొందరు, నలుగురైదుగురని కొందరు. ఉజ్జాయింపుగా ముగ్గురు అనుకోవచ్చు. మగవారిలో ఆడవారి కంటే దాదాపు రెట్టింపు. రెండు చేతుల్లోనూ ఉండటం కంటే ఒక చేతిలోనే ఉండటం ఎక్కువ. చైనా, జపాన్, కొరియా ప్రజల్లో మిగతా చోట్ల కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక జోస్యుల సంగతి. నేడు మన ఊళ్లలో చెయ్యి చూసే వారిలో ఎక్కువమంది వాడేది పాశ్చాత్య పద్ధతే. కీరో పేరుతో ప్రసిద్ధుడైన ఐరిష్ హస్తసాముద్రికుడు 19వ శతాబ్దం చివరలో, 20వ శతాబ్దం మొదట్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. ఆ లెక్కలో పై అడ్డగీత హృదయ రేఖ, కింది అడ్డగీత శిరో రేఖ. రెండూ కలిసిపోతే మనసుకీ బుద్ధికీ మధ్య గోడ లేదని చెబుతారు. అలాంటి మనిషి పట్టుకుంటే వదలడు, ప్రేమించినా ద్వేషించినా నిండుగానే ఉంటుంది, నడిమి దారి తెలియదు, ఒకే లక్ష్యం మీద జీవితమంతా పెడతాడు, అసూయ ఎక్కువ, పైకి వస్తే శిఖరానికి, పడితే పాతాళానికి. ఇదీ సారాంశం. వినడానికి చక్కగా కుదిరినట్టుంటుంది. కానీ ఇక్కడ జరిగింది ఒక్కటే: ఒక గీతకు మనసు అని, ఇంకో గీతకు బుద్ధి అని ముందే పేరు పెట్టి, అవి కలిశాయి కనుక మనసూ బుద్ధీ కలిశాయని పేర్ల మీద నుంచి గుణాన్ని లాగారు.

మరి ఆ పేర్లయినా స్థిరమైనవా అంటే, కావు. మన సాముద్రికంలో చిటికెన వేలి కింద మొదలై చూపుడు వేలి వైపు సాగే ఆ పై గీతే ఆయుర్దాయానికి గుర్తు. అది చూపుడు వేలి దాకా చేరితే నూరేళ్లు అని పాత గ్రంథాల మాట. పాశ్చాత్యుల ఆయుష్షు మాత్రం బొటనవేలి చుట్టూ తిరిగే గీతలో ఉంటుంది. ఒకే మడత ఒకరికి ప్రేమ, ఇంకొకరికి ప్రాణం. ఏకరేఖ ఉన్న వ్యక్తి చెయ్యి మన పాత పద్ధతిలో చూస్తే ఆయుర్దాయం నిండుగా కనిపించాలి, కొత్త పద్ధతిలో చూస్తే ఆవేశం కనిపించాలి. ఇంటికొచ్చి చెయ్యి చూసే మనిషి మాత్రం రెండు పద్ధతుల నుంచీ నచ్చినవి ఏరుకుని చెబుతాడు.

ఇంకాస్త తూర్పుకి వెళ్తే ఈ తేడా మరీ స్పష్టమవుతుంది. జపాన్‌లో ఏకరేఖను లోకాన్ని గెలిచే గీతగా భావిస్తారు. 1603లో షోగున్ అనే సైనిక పాలకుడై దేశాన్ని తన పాలన కిందికి తెచ్చుకున్న తోకుగావా ఇయెయాసు చేతిలో అది ఉండేదని చెప్పుకుంటారు. చైనా వాళ్లు దీన్ని తెగిన అరచేయి అంటారు. వాళ్ల జనవాక్యంలో ఆ గీత మగవాడికుంటే అధికారం, సంపద. ఆడపిల్లకుంటే మాత్రం పుట్టింటికీ మెట్టినింటికీ అరిష్టం. ఆ గీత వల్ల పెళ్లి సంబంధాలు తప్పిన అమ్మాయిల కథలు అక్కడ కొల్లలు. శరీరంలో ఒకే కొలత, ఒకే మడత. మగపిల్లవాడికి వరమైంది, ఆడపిల్లకు శాపమైంది. చేతిలో ఏముందో చదవడం కాదిది, సమాజం తన మనసులో ఉన్నదాన్ని చేతి మీద రాసుకోవడం. మన దగ్గర ఏకరేఖ మీద ఇంత కఠినమైన నమ్మకం లేకపోవడం మన ఆడపిల్లల అదృష్టం. మన దోషాలు వేరే చోట వెతుక్కున్నాం, అది వేరే కథ.

జోస్యులు చెప్పేది ఎందుకు నిలవదో తెలియాలంటే అసలు ఆ గీత ఎప్పుడు, ఎలా పడిందో చూడాలి. గర్భంలో పిండానికి ఏడెనిమిది వారాల వయసులో చేతి వేళ్లు విడివడుతుంటాయి. అరచేతి మీద, వేళ్ల కొసల మీద చిన్న ఉబ్బులు లేచి, తర్వాతి వారాల్లో మెల్లగా అణిగిపోతాయి. ఆ సమయంలోనే ముందు బొటనవేలి చుట్టూ ఉన్న గీత, తర్వాత అడ్డగీతలు ఏర్పడతాయి. 13, 14 వారాలకల్లా పెద్ద గీతల పని పూర్తయిపోతుంది. అప్పటికి పిండం మన అరచేతిలో ఇమిడేంత. గీత పడే చోట చర్మం కింద కొవ్వు పొర పలచన, చర్మం లోపలి గట్టి పొరకు అతుక్కుని ఉంటుంది. చొక్కా చేతిని రోజూ మడిచే చోట ముడత నిలిచిపోయినట్టు చర్మం మడిచినప్పుడల్లా అక్కడే వంగుతుంది. తేడా ఒక్కటే, ఈ ముడత వాడకం వల్ల పుట్టింది కాదు, వాడకానికి ముందే సిద్ధమైనది. పుట్టాక వయసుతో, పనితో సన్న గీతలు వస్తాయి, పోతాయి. పెద్ద గీతలు మాత్రం ఉన్న చోటే ఉంటాయి.

గీత చేతి నిర్మాణాన్నే చెబుతుందనడానికి ఒక మంచి ఆధారం చిటికెన వేలిలో ఉంది. మామూలుగా ఆ వేలికి, మొదలు దగ్గరున్న మడత కాక, రెండు కణుపుల దగ్గర రెండు మడతలుంటాయి. కొందరు పిల్లల్లో మధ్య ఎముక మరీ పొట్టిగా ఏర్పడుతుంది, అప్పుడు ఆ రెండు మడతలకు బదులు ఒకటే పడుతుంది. పుట్టుకతోనే ఏదైనా కణుపు అతుక్కుపోయి వంగకపోతే ఆ కణుపు మీద మడతే ఉండదు. అరచేతి విషయంలోనూ అంతే. అరచేయి పొట్టిగా, వెడల్పుగా ఉండి, వేళ్లు నాలుగూ ఒకే వరుసలో ఒక్కసారిగా ముడుచుకునేలా ఏర్పడితే రెండు మడతల అవసరం తగ్గి ఒకటే పడే అవకాశం పెరుగుతుంది. డౌన్ సిండ్రోమ్‌లో చేయి పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. అందుకే ఆ పిల్లల్లో ఈ గీత ఎక్కువ. అంటే ఆ జన్యు తేడా నేరుగా గీతను గీయదు. చేతి ఆకారాన్ని మారుస్తుంది, ఆకారం మడతను మారుస్తుంది. ఆ ఆకారం వేరే కారణాల వల్ల కూడా వస్తుంది. అన్నిటికన్నా మామూలు కారణం, నాన్న చేయో తాతయ్య చేయో అలాగే ఉండటం. ఏకరేఖ కుటుంబాల్లో తరం నుంచి తరానికి రావడం సాధారణం.

మరి వైద్యంలోకి ఈ గీత భయం ఎలా వచ్చింది? ఇంగ్లండ్ వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ 1866లో ఆ పిల్లల లక్షణాలను వర్ణించినప్పుడు అరచేతి గీత ప్రస్తావనే లేదు. ఆయన కొడుకు రెజినాల్డ్, తండ్రి స్థాపించిన సంస్థలోనే పనిచేస్తూ, 20వ శతాబ్దపు తొలి దశకంలో దాన్ని గమనించి చెప్పాడు. అది అసలైన పరిశీలన, దాని విలువ దానికుంది. చెడ్డ భాగం తర్వాత వచ్చింది. జాతులను మెట్లుమెట్లుగా పేర్చి చూసే కాలం అది. 1924లో క్రుక్‌షాంక్ అనే బ్రిటిష్ వైద్యుడు ఈ పిల్లలను ఆసియా జాతులతోనూ ఒరాంగుటాన్‌తోనూ ముడిపెడుతూ ఒక పుస్తకం రాశాడు, అరచేతి గీతను కూడా సాక్ష్యంగా పెట్టాడు. సిమియన్ అంటే కోతిజాతికి చెందినది అని అర్థం. చింపాంజీ అరచేయి చూస్తే అడ్డంగా ఒకటి కాదు, కొన్ని గీతలు కనిపిస్తాయి, కనుక పోలికగా కూడా ఆ పేరు సరిగా కుదరదు. 2009లో జన్యు వైద్యులు చేతులు, కాళ్ల రూపాలను వర్ణించే పదాలను సరిచేసినప్పుడు ఒంటి అడ్డగీత అన్న అర్థం వచ్చే మామూలు పేరునే ఖాయం చేశారు. పాత పేరు పుస్తకాల్లో, ఫోనుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. ఒక తల్లికి తన బిడ్డ చేతిని గురించి మొదట వినిపించే మాట అదే కావడం నాకు నచ్చని విషయం.

1959లో పారిస్‌లో లెజెన్, గోతియే, తుర్పాన్ అనే పరిశోధకులు డౌన్ సిండ్రోమ్‌కు కారణం 21వ క్రోమోజోము అదనంగా ఒకటి ఉండటమేనని చూపించారు. అంతవరకూ బయటి రూపమే ఆధారం కనుక గీతకు అంత ప్రాముఖ్యం. ఆ తర్వాత రక్తపరీక్షతో తేలే విషయం అది. అయినా పుట్టిన రోజున డాక్టరు ముందు కళ్లతోనే చూడాలి కదా. హాల్ అనే వైద్యుడు 1966లో నవజాత శిశువుల్లో చూడాల్సిన 10 గుర్తులు పేర్కొన్నాడు: కండరాలు వదులుగా ఉండటం, ఉలికిపాటు సరిగా లేకపోవడం, కీళ్లు మితిమీరి వంగడం, మెడ వెనుక చర్మం ఎక్కువగా ఉండటం, ముఖం చదునుగా ఉండటం, కంటి కొసలు పైకి ఉండటం, చెవుల ఆకారంలో తేడా, తుంటి ఎముక తేడా, చిటికెన వేలి మధ్య ఎముక తేడా, చివరగా అరచేతి ఒంటి గీత. ఈ పదిలో ముఖం చదునుగా ఉండటం డౌన్ సిండ్రోమ్ శిశువుల్లో 90 శాతం మందిలో కనిపించింది, కండరాల వదులుదనం 80 శాతం మందిలో. అన్నిటికన్నా తక్కువగా కనిపించింది అరచేతి గీతే, 45 శాతం. జనం నోట ఎక్కువగా వినిపించే గుర్తు జాబితాలో అట్టడుగున ఉందన్నమాట. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆయన చూసిన ప్రతి డౌన్ సిండ్రోమ్ శిశువులోనూ ఈ పదిలో కనీసం నాలుగు గుర్తులున్నాయి. గీత ఒక్కటే ఉండి మిగతావేవీ లేని శిశువు ఆ పరిశీలనలో లేదు.

ఇప్పుడు మొదట చెప్పిన సగం నిజాన్ని అంకెల్లో పెట్టి చూద్దాం. లక్ష మంది పిల్లలు పుట్టారనుకోండి. డౌన్ సిండ్రోమ్ సుమారు 800 జననాలకు ఒకటి. అంటే లక్షలో 125 మంది. వీరిలో 45 శాతానికి ఒంటి గీత, అంటే 56 మంది. మిగిలిన 99,875 మందికి డౌన్ సిండ్రోమ్ లేదు. వారిలో 100కి ముగ్గురి లెక్కన ఒంటి గీత ఉన్నవారు దాదాపు 3,000. మొత్తం గీత ఉన్నవారు సుమారు 3,050, అందులో డౌన్ సిండ్రోమ్ ఉన్నది 56 మంది. 100కి ఇద్దరు కూడా కాదు. గీత ఉన్న ప్రతి 100 మందిలో 98 మందికి ఆ సమస్య లేదు. గీత అంత సాధారణం కాదేమో, 100కి ఒకరిన్నరే అనుకుందామన్నా, ఆ మొత్తం 1,550కి తగ్గుతుంది, అందులో 56 అంటే నాలుగు శాతం లోపే. అదీ ఇంకేమీ చూడకుండా, గీత ఒక్కదాన్నే చూసి వేసిన లెక్క. తల్లి వయసు తక్కువైతే ఇది ఇంకా తగ్గుతుంది: డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుట్టే అవకాశం 25 ఏళ్ల తల్లికి 1,250లో ఒకటి కాగా, 40 ఏళ్ల తల్లికి 100లో ఒకటి. గర్భిణిగా ఉండగా 11 నుంచి 13 వారాల మధ్య చేసే స్కాను, రక్తపరీక్ష బాగున్నాయంటే మరింత తగ్గుతుంది.

గీత విలువ సున్నా అని కూడా దీనికి అర్థం కాదు. 800లో ఒకటి ఉన్న అవకాశం 55లో ఒకటి అయింది, అంటే దాదాపు 15 రెట్లు పెరిగింది. డాక్టరు దాన్ని నమోదు చేసుకుంటారు, మిగతా గుర్తుల కోసం చూస్తారు. భయమంతా ఈ 15 రెట్లు అన్న మాటలో ఉంది, కానీ అది చాలా చిన్న అంకెకు 15 రెట్లని మరచిపోతాం. జోస్యులు చేసేదీ సరిగ్గా ఇదే తప్పు. గొప్పవాళ్ల చేతుల్లో గీత కనిపిస్తే గుర్తు పెట్టుకుంటారు, అదే గీతతో బస్సు నడుపుతూనో బడిలో లెక్కలు చెబుతూనో మామూలుగా బతికేవాళ్లను ఎవరూ లెక్కపెట్టరు. మన రెండు రాష్ట్రాల జనాభాలో 100కి ముగ్గురంటే దాదాపు పాతిక లక్షల మంది. వాళ్లందరూ కోటీశ్వరులూ కాలేదు, క్రూరులూ కాలేదు.

ఇక పరీక్ష ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణలో చూద్దాం. ఇది నేను అల్లుకున్నదే, కానీ ప్రసూతి వార్డుల్లో ఎప్పుడూ జరిగేదే. గుంటూరులో 26 ఏళ్ల తల్లికి మొదటి కాన్పులో మగబిడ్డ, బరువు 2.9 కిలోలు. మర్నాడు అమ్మమ్మ ఎడమ చేతిలో ఒంటి గీత చూసింది. పిల్లల డాక్టరు వస్తారు. నవజాత శిశువు గుప్పిట బలవంతంగా విప్పకూడదు. మణికట్టును కొద్దిగా లోపలికి వంచితే వేళ్లు వాటంతటవే విచ్చుకుంటాయి. అప్పుడు పక్క నుంచి వెలుతురు పడేలా పట్టుకుని చూస్తే గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. చాలాసార్లు ఇక్కడే సమస్య సగం తీరిపోతుంది, అది ఒంటి గీత కాదు, రెండు గీతల మధ్య సన్నని అడ్డుగీత అని తేలుతుంది. ఈ బిడ్డకు నిజంగానే ఒంటి గీత ఉంది, కుడి చేతిలో మాత్రం రెండు గీతలున్నాయి.

తర్వాత డాక్టరు గీతను వదిలేసి బిడ్డను చూస్తారు. చంకల కింద చేతులు పెట్టి ఎత్తినప్పుడు జారిపోతున్నట్టుందా, పట్టుగా నిలిచిందా? తలను కాస్త వెనక్కి వదిలినట్టు చేస్తే చేతులు చాచి మళ్లీ దగ్గరికి తెచ్చుకుంటున్నాడా? ముఖం పక్క నుంచి ఎలా ఉంది, కళ్ల కొసలు, చెవులు, మెడ వెనుక చర్మం ఎలా ఉన్నాయి, కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య దూరం ఎక్కువగా ఉందా? గుండె చప్పుడు వింటారు, పాలు ఎలా తాగుతున్నాడని అడుగుతారు. ఇక్కడ అన్నీ మామూలే. ఆఖరున బిడ్డ తండ్రిని చేతులు చూపించమంటారు. ఎడమ అరచేతిలో అదే గీత. ముప్పై ఏళ్లుగా తన చేతిలో ఉన్నదాన్ని ఆయన ఎప్పుడూ గమనించలేదు. పరీక్షలేవీ రాయకుండా డాక్టరు వెళ్లిపోతారు, అదే సరైన వైద్యం. ఇలాంటి బిడ్డకు భయం తీరడానికని వేల రూపాయలు పెట్టి క్రోమోజోము పరీక్ష చేయించనక్కర్లేదు.

ఇదే వార్డులో ఇంకో బిడ్డ ఉందనుకోండి. రెండు చేతుల్లోనూ ఒంటి గీత, ఎత్తితే ఒళ్లంతా వదులుగా ఉంది, మెడ వెనుక చర్మం ఎక్కువ, ముఖం చదును, చిటికెన వేలు లోపలికి వంగి ఉంది, పాలు పట్టి తాగలేక అలసిపోతోంది. ఇక్కడ అరచేతిలో రెండు గీతలే ఉన్నా డాక్టరు పరీక్ష రాస్తారు. ఒకటి రెండు మిల్లీలీటర్ల రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఉన్న గొట్టంలో తీసి ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ తెల్లరక్తకణాలను దాదాపు మూడు రోజులు పెంచి, విభజన మధ్యలో ఆపి, క్రోమోజోములను రంగు వేసి లెక్కపెడతారు. 46 ఉండాల్సిన చోట 47 ఉండి, ఎక్కువైనది 21వది అయితే సంగతి ఖాయం. హైదరాబాదులో నిమ్స్, సీడీఎఫ్‌డీ వంటి చోట్ల జన్యు వైద్యులు ఉన్నారు, మరుసటి కాన్పు గురించి కూడా వాళ్లే వివరిస్తారు.

గీతతో పాటు వేరే దారి చూపించే సందర్భాలు కొన్ని ఉన్నాయి. తల్లి గర్భిణిగా మద్యం ఎక్కువగా తీసుకున్నప్పుడు పిల్లల్లో అరచేతి గీతలు మారవచ్చు, కానీ అక్కడ పై పెదవి పలచన కావడం, ఎదుగుదల తగ్గడం ముందు కనిపిస్తాయి. 13వ, 18వ క్రోమోజోములు ఎక్కువైన పిల్లల్లోనూ ఒంటి గీత ఉంటుంది, అయితే వాళ్లు పుట్టుకతోనే తీవ్రమైన సమస్యలతో ఉంటారు కనుక గీత చూసి గుర్తుపట్టే అవసరం రాదు. పెద్దయ్యాక ఎప్పుడో అద్దం ముందు చెయ్యి చూసుకుని గీత ఉందని కంగారు పడి డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. మామూలుగా చదువుకుని, పని చేసుకుంటూ, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆ గీత గురించి చేయించుకోవాల్సిన పరీక్ష ఒక్కటీ లేదు.

వార్డులో ఒళ్లు వదులుగా ఉన్న ఆ రెండో బిడ్డ విషయంలో పరీక్ష ఫలితం వచ్చే దాకా ఆగకుండా చేయాల్సింది ఒకటుంది: గుండె స్కాను. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది, మొదటి రోజుల్లో చప్పుడుకు కూడా అది అందకపోవచ్చు. థైరాయిడ్ పరీక్ష పుట్టినప్పుడు, ఆరు నెలలకు, ఏడాదికి చేస్తారు. వినికిడి, కంటి పరీక్షలు కూడా మొదటి నెలల్లోనే పడతాయి. కండరాలకు పట్టు రావడానికి వ్యాయామాలు ఎంత తొందరగా మొదలైతే బిడ్డ కూర్చోవడం, నడవడం అంత తొందరగా కుదురుతాయి.